నెయ్యి మానక్కర్లేదు, గసి మానండి

పాలు పడవని తేలగానే చాలా ఇళ్లలో ముందు పాలగ్లాసు పోతుంది, తర్వాత పెరుగుగిన్నె పోతుంది, వారం తిరిగేసరికి నేతిసీసా కూడా అటకెక్కుతుంది. మొదటిది సబబే. రెండోది సగం సబబు. మూడోది మాత్రం అనవసరపు శిక్ష. ఈ అధ్యాయం ఆ మూడోదాని గురించే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఈ శిక్ష మరీ కష్టం. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న రైలుమార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఇక్కడి వర్క్‌షాపుకీ యార్డుకీ వచ్చి స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా వీధుల్లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. వాళ్ల కంచంలో నెయ్యి రెండు దారుల్లో వచ్చి పడుతుంది. ముద్దపప్పు మీద నెయ్యి మనది. పొగలు కక్కే అన్నంలో ఉడికించిన బంగాళాదుంప మెదిపి, ఉప్పూ పచ్చిమిరపకాయా వేసి, పైన గావా ఘీ పోసుకోవడం బెంగాల్ది. రెండూ అలవాటైన మనిషిని నెయ్యి మానమంటే ఆ మనిషి సగం తిండి మానేస్తాడు.

మథురాకాటిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన అదే చేశారు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. సరస్వతీ పూజనాడు భోగం ఖిచురీ రెండుసార్లు వడ్డించుకుని, దాని మీద పాయేష్ తాగారు. రెండు గంటలు తిరక్కుండానే కడుపు ఉబ్బరం, గుడగుడలు, విరేచనాలు. అంతకుముందు కూడా పాలు తాగినప్పుడల్లా ఇదే వరస. లాక్టోజ్ పడటం లేదు, పాలు తగ్గించండి అని డాక్టరు చెప్పారు. ఆయన నెయ్యి కూడా మానేశారు. ఎందుకు బాబాయ్ అంటే, “నెయ్యి కూడా పాలేకదేటి?” అన్నారు.

పాల నుంచి వచ్చిందే. కానీ పాలలో ఉన్నవన్నీ నేతిలోకి రావు. ఏది ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే ఈ భయం దానంతటదే పోతుంది.

లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. ఆవుపాలైనా గేదెపాలైనా 100 గ్రాములకి 5 గ్రాములకు కాస్త అటూఇటూగా ఉంటుంది. చిన్నపేగు గోడల మీద లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని రెండు ముక్కలు చేస్తేనే అది రక్తంలోకి వెళ్తుంది. పసితనం దాటాక చాలామందిలో ఈ ఎంజైము తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగు దాకా జారుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాసు పుడుతుంది. ఆ చక్కెర నీటిని లాక్కుంటుంది కనక విరేచనమవుతుంది. ఇది పేగులో అరుగుదలకు సంబంధించిన లోటు. దీనివల్ల ప్రాణానికి ముప్పు లేదు. అరుదైన జబ్బు కూడా కాదు. 1981లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవాళ్లలో నూటికి 27 మందికి, దక్షిణాదిన రెండు కేంద్రాల్లో పరీక్షించినవాళ్లలో నూటికి 66 మందికి పైగా లాక్టోజ్ సరిగా అరగలేదు. శ్రీకాకుళం మూలాలున్న మనిషికి పాలు పడకపోతే అందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లాక్టోజ్ పడనివాళ్లకి చుక్క కూడా పడదనుకోవడం తప్పు. ఒక్కసారికి 12 గ్రాముల వరకూ, అంటే సుమారు 250 మిల్లీలీటర్ల పాలగ్లాసులో ఉన్నంత, ఎక్కువమంది పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2010లో తేల్చింది. అందరూ అంత తట్టుకోలేరు, మన పెద్దాయన ఆ కోవలోవారే. అయినా 12 గ్రాముల లెక్క గుర్తుంచుకోండి, నేతిచెంచాని దాని పక్కన పెట్టి చూద్దాం.

లాక్టోజ్ నీటిలో కరుగుతుంది, కొవ్వులో కరగదు. అసలు కీలకమంతా ఇదే. నమ్మకం లేకపోతే గరిటెడు నూనెలో చిటికెడు పంచదార వేసి ఎంతసేపైనా తిప్పండి, అడుగున రవ్వలా కూర్చుంటుంది తప్ప కరగదు. పాలచక్కెరదీ అదే గుణం. కాబట్టి పాలు నెయ్యి అయ్యే దారిలో నీళ్లు ఎక్కడ విడిపోతే లాక్టోజ్ కూడా అక్కడే విడిపోతుంది.

పెద్దాయన ఇంట్లోనే లెక్క వేద్దాం. వాళ్లావిడ పాలు తోడుపెట్టి, పెరుగుమీది మీగడ నాలుగైదు రోజులు ఫ్రిజ్‌లో దాచి, చిలికి వెన్న తీస్తారు. తోడుపెట్టినప్పుడే పెరుగు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ని తినేసి పులుపుగా మారుస్తుంది. చిలికినప్పుడు నీరంతా మజ్జిగగా విడిపోతుంది, మిగిలిన లాక్టోజ్‌లో చాలా భాగం మజ్జిగతోనే పోతుంది. చేతికి 250 గ్రాముల వెన్న వచ్చిందనుకోండి. ఇంటి వెన్నలో ఇంకా ఓ 50 గ్రాముల మజ్జిగనీళ్లు ఇరుక్కుని ఉంటాయి. ఆ నీళ్లలో 4 శాతం లాక్టోజ్ ఉందనుకున్నా మొత్తం 2 గ్రాములు. చల్లటి నీళ్లలో వెన్నని రెండుసార్లు పిసికి కడిగితే అందులోంచి ఇంకొంత పోతుంది. కడగలేదనే అనుకుందాం, 2 గ్రాములూ ఉన్నాయి.

వెన్న కాస్తే సుమారు 200 గ్రాముల నెయ్యి వస్తుంది. నీరు ఆవిరైపోతుంది. లాక్టోజ్ ఆవిరి కాదు, కొవ్వులో కరగదు. దానికి మిగిలిన దారి ఒకటే: పాల మాంసకృత్తులతో కలిసి అడుగున చేరి, వేడికి గోధుమరంగు తిరిగి గసి కావడం. నేతికి ఆ కమ్మని వాసన వచ్చేది కూడా ఈ రెండూ కలిసి మాడేటప్పుడే. వడకట్టినప్పుడు పదోవంతు గసి గుడ్డలోంచి జారిపోయిందని అనుకున్నా 200 గ్రాముల నేతిలో 0.2 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. 5 గ్రాముల చెంచాలో 5 మిల్లీగ్రాములు. పాలగ్లాసులో ఉన్నది దీనికి 2,400 రెట్లు. అసలు వడకట్టనే లేదు, గసి అంతా కలిసిపోయింది అనుకున్నా చెంచాకి 50 మిల్లీగ్రాములు దాటదు. ఏ లెక్కన చూసినా లాక్టోజ్ పడని మనిషికి అన్నంలో చెంచాడు నెయ్యి అడ్డుకాదు.

బజారు నేతికి కూడా ఈ తీర్పే వర్తిస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం నేతిలో తేమ 0.5 శాతానికి మించకూడదు, మిగతాదంతా దాదాపు కొవ్వే. డబ్బా మీద ‘పాలు ఉన్నాయి’ అనే అలెర్జీ హెచ్చరిక చూసి కంగారుపడకండి. అది ఆ పదార్థం పాల నుంచి వచ్చిందని చెప్పే చట్టపు మాట. ఎంత లాక్టోజ్ ఉందో అది చెప్పదు. బల్లమీద పెట్టుకునే ఉప్పు వెన్న మాత్రం నెయ్యి కాదు. అందులో నీళ్లూ పాల పదార్థాలూ ఉంటాయి. అదైనా చెంచాడుకి పెద్ద నష్టం చేయదు కానీ, ‘ఘీ దోసె’ అని తెచ్చి వెన్న పూసే చోట దాన్ని నెయ్యిగా లెక్కవేసుకోకండి.

ఇక కాచడం. ఇంటి నేతిలో తేడా వచ్చేది ఇక్కడే. మందపాటి అడుగున్న గిన్నెలో సన్నని సెగమీద వెన్న కరగనివ్వండి. మొదట పెద్దపెద్ద బుడగలతో తెల్లటి నురగ లేస్తుంది, చిటపటలాడుతుంది. ఆ చప్పుడు నీటిది. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చిటపటలు సద్దుమణిగి, బుడగలు సన్నబడి, నెయ్యి తేటపడి గిన్నె అడుగు కనిపించడం మొదలవుతుంది. అప్పుడు వేడి గబగబా పైకెక్కుతుంది. గసి లేత గోధుమరంగులోకి రాగానే పొయ్యి కట్టేయండి. గిన్నె వేడికే అది ఇంకాస్త ముదురుతుంది. నల్లబడేదాకా ఉంచితే చేదెక్కుతుంది. తొందరపడి తెల్లగా ఉండగానే దించితే నీరు మిగిలి, నాలుగు రోజుల్లో పుల్లటి వాసన వేస్తుంది.

దించిన పది నిమిషాలు గిన్నెని కదపకండి. గసి పూర్తిగా కిందికి దిగాక, నెయ్యి ఇంకా వేడిగా పల్చగా ఉన్నప్పుడే రెండు మడతల పల్చటి నూలుగుడ్డలోంచి వంచండి. టీ వడపోసే జల్లెడ చాలదు, దాని కన్నాల్లోంచి సన్నని గసి జారిపోతుంది. ఆఖరి రెండు చెంచాల నెయ్యి గిన్నెలోనే వదిలేయండి. ఆ రెండు చెంచాలకి ఆశపడి గిన్నె గీకేవాళ్లే సీసా అడుగుకి మడ్డి తెచ్చుకుంటారు.

నెయ్యి బాగా కుదిరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. గాజుసీసాలో పోసి, సీసాని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. కరిగిన నెయ్యి వెనకాల పట్టుకున్న పత్రికలో అక్షరాలు తేటగా కనబడితే సరే. మసకగా ఉన్నా, అడుగున గోధుమరంగు పొర ఉన్నా మళ్లీ వడకట్టాలి. ఇనుపగరిటెలో చెంచాడు వేడిచేస్తే చిటపటలాడిందంటే నీరు మిగిలిందని అర్థం. డిసెంబరు, జనవరి చలికి ఖరగ్‌పూర్‌లో నెయ్యి పేరుకుని పూస కడుతుంది. ఆ పూస కొవ్వే, దాన్ని చూసి పాలపదార్థమేదో మిగిలిందని భయపడొద్దు.

పెద్దాయనకి లెక్క చెప్పినా నమ్మలేదు. ఆయన అనుమానంలోనూ కొంత న్యాయముంది. ఆయన నెయ్యి వేసుకునేది పప్పులో, ఖిచురీలో. పప్పు తనంతట తానే గ్యాసు చేస్తుంది. పప్పు చేసిన పనికి నేతిని బోనెక్కించడం మన ఇళ్లలో మామూలే. అందుకని నేతిని ఒంటరిగా పరీక్షించమన్నాను. మీకూ అనుమానముంటే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు ఒక వారం పాలు, పెరుగు, మిఠాయిలు, నెయ్యి అన్నీ ఆపి, కడుపు నెమ్మదించిందో లేదో చూడాలి. నెమ్మదించకపోతే కారణం లాక్టోజ్ కాకపోవచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నెమ్మదిస్తే ఒక మధ్యాహ్నం అన్నంలో ఉప్పూ చెంచాడు నెయ్యీ, అంతే. పప్పు వద్దు, క్యాబేజీ వద్దు, ఉల్లిపాయ వద్దు. లాక్టోజ్ బాధ సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల్లో మొదలవుతుంది, అయినా మర్నాటి ఉదయం దాకా గమనించండి. ఏమీ లేకపోతే ఇంకో రెండు రోజులు అలాగే తిని, తర్వాత రెండు చెంచాలు చేయండి. అదీ కుదిరాక వేరే రోజున ఒక గ్లాసు పాలు తాగి చూడండి. నేతికి నెమ్మదిగా ఉన్న కడుపు పాలకి తిరగబడితే, నిందితుడెవరో మీకే తెలుస్తుంది. ఇంకా ఖాయంగా తెలియాలంటే ఆస్పత్రుల్లో హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఉంది. లాక్టోజ్ తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ ఎంత పెరిగిందో కొలుస్తారు.

పెద్దాయనకి నెయ్యి కుదిరింది, పాలు కుదరలేదు. ఆయన కంచంలోకి నెయ్యి తిరిగొచ్చింది. కానీ నెల తిరక్కుండా మళ్లీ కడుపు ఉబ్బిందని కబురు చేశారు. ఆ రోజు ఏం తిన్నారని అడిగితే అన్నీ మామూలేనన్నారు. వాళ్లావిడ మాత్రం నవ్వుతూ అసలు సంగతి చెప్పారు: ఆ వారం తోడుపెట్టి చిలకడానికి ఓపిక లేక, బెంగాలీ ఇళ్లలో షొరేర్ ఘీ చేసినట్టు, పాలమీది మీగడనే నేరుగా గిన్నెలో వేసి కాచారట. గసి బాగా మిగిలితే అందులో బెల్లం కలిపారు. ఆ గిన్నె మొత్తం ఆయనే ఖాళీ చేశారు.

చిలకని మీగడకీ చిలికిన వెన్నకీ ఇక్కడే తేడా. అరకిలో మీగడలో సగం దాకా పాలనీరే ఉంటుంది. పులియలేదు, మజ్జిగగా విడిపోలేదు. అందులోని లాక్టోజ్ 10 గ్రాములకు పైనే ఉంటుంది. కాచాక నెయ్యి నెయ్యిలాగే వస్తుంది, వడకడితే దానికి ఏ లోటూ లేదు. లాక్టోజ్ అంతా గసిలోకి దిగుతుంది. మాడటంలో కొంత పోయినా, మిగిలింది ఒక పాలగ్లాసుకి దగ్గరదగ్గరగా ఉండొచ్చు. పాలు మానేసిన మనిషి పాలగ్లాసుని బెల్లం కలుపుకుని తిన్నట్టే లెక్క. “బాబాయ్, నెయ్యి మీది, గసి మనవడిది” అన్నాను. మనవడికి పాలు పడతాయి కనక ఆ పంపకానికి అభ్యంతరం రాలేదు.

నెయ్యి కుదిరింది కదా అని నేతి మిఠాయిలన్నీ కుదురుతాయనుకోకండి. చూడాల్సింది నేతిని కాదు, దానితోపాటు పడిన పాలపదార్థాన్ని. సున్నుండలు, బూందీ లడ్డు, మైసూర్‌పాక్, పూతరేకుల్లో మామూలుగా పాలు పడవు. కోవాతో చేసినవాటితో జాగ్రత్త. పాలని ఇగరబెట్టి కోవా చేస్తారు కనక లాక్టోజ్ అందులో చిక్కబడి ఐదోవంతు దాకా ఉంటుంది, నాలుగు పేడాలు తింటే గ్లాసు పాలు దాటిపోవచ్చు. పాయేష్, రబ్డీ సంగతి చెప్పనక్కర్లేదు. కృష్ణనగర్ సర్‌భాజా నేతిలోనే వేగుతుంది, కానీ అది మీగడ మిఠాయి. రసగుల్లా, సందేశ్ కొంత నయం, పాలు విరిచినప్పుడు లాక్టోజ్‌లో ఎక్కువ భాగం విరుగుడు నీళ్లతో పోతుంది. గోల్‌బజార్‌లో మిఠాయి కొనేటప్పుడు ‘ఇది నేతిదా’ అని అడగడం కంటే ‘ఇందులో కోవా ఉందా’ అని అడగడం మీకు పనికొచ్చే ప్రశ్న.

నేతికి దాని హద్దు దానికుంది. చెంచాకి 45 కేలరీలు, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకి, దాన్ని తీసేసినవాళ్లకి, క్లోమం వాపు ఉన్నవాళ్లకి ఎక్కువ నెయ్యి తింటే కడుపునొప్పో విరేచనమో రావచ్చు. అది కొవ్వు అరగకపోవడం, లాక్టోజ్‌కి సంబంధం లేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎంత తినాలన్నది వాళ్ల డాక్టరు చెప్పాలి. ఈ అధ్యాయం చెప్పలేదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా లాక్టోజ్ పడనివాళ్లకి. పాల అలెర్జీ ఉన్నవాళ్లకి ఇందులో ఒక్క ముక్క కూడా వర్తించదు. ఈ రెండింటినీ ‘పాలు పడవు’ అనే ఒకే మాటతో సరిపెట్టడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. అలెర్జీలో శరీరం తిరగబడేది పాలచక్కెర మీద కాదు. కేసీన్ వంటి పాల మాంసకృత్తుల మీద తిరగబడుతుంది, అదీ పేగులో కాక రోగనిరోధక వ్యవస్థలో. ఎక్కువగా పసిపిల్లల్లో కనిపిస్తుంది. పాలు తాగిన నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులూ కళ్లూ వాపు, వాంతులు, పిల్లికూతలు. తీవ్రమైతే ఊపిరాడక స్పృహ తప్పడం. ఇక్కడ గ్రాముల లెక్క నడవదు, చాలా కొద్దిపాటి మాంసకృత్తు చాలు.

నేతిలో మాంసకృత్తులు కూడా గసిలోకే పోతాయి. బాగా వడకట్టిన నేతిలో మిగిలేది జాడ మాత్రమే. లాక్టోజ్ పడనివాళ్లకి ఆ జాడ లెక్కలోకి రాదు, అలెర్జీ పిల్లవాడికి మాత్రం అదే ముప్పు కావచ్చు. నూలుగుడ్డతో మాంసకృత్తుని పూర్తిగా ఆపలేం. ఇంటి నేతిలో ఎంత మిగిలిందో కంటికి కనబడదు. గాజుసీసా పరీక్ష ఇక్కడ దేనికీ పనికిరాదు. కొందరు అలెర్జీ పిల్లలు నెయ్యి తట్టుకుంటారన్నది నిజమే, కానీ మీ పిల్లవాడు ఆ కొందరిలో ఉన్నాడో లేదో తేల్చాల్సింది అలెర్జీ వైద్యుడు, అదీ ఆస్పత్రిలో, మందులు చేతికందేలా పెట్టుకుని. “చిటికెడే కదా, అన్నప్రాశనకి నాకిద్దాం” అనే పెద్దవాళ్లని ఎంత నొచ్చుకున్నా ఆపండి. పాలకి దద్దుర్లు లేచిన పిల్లలున్న ఇంట్లో డాక్టరు సరేననేదాకా నేతిచెంచా ఆ కంచం మీదికి పోకూడదు.